‘ధ’ అడుగున చిన్న గీత

బ్రిటన్‌లో డిగ్రీ ప్రవేశాల దరఖాస్తులు చూసే యూకాస్ సంస్థ 2007లో సుమారు 50,000 వ్యాసాలను కంప్యూటర్‌తో పోల్చి చూసింది. ఎనిమిదో పుట్టినరోజున కెమిస్ట్రీ సెట్‌తో ప్రయోగాలు చేస్తూ పైజమాకు చిల్లులు పడేలా కాల్చుకున్న కథ వాటిలో 234 చోట్ల కనిపించింది.

ఆ కథలో వయసుంది, వస్తువుంది, కాలిన గుడ్డ కూడా ఉంది. లేనిదల్లా దాని తర్వాత ఆ పిల్లాడు ఏం చేశాడన్నదే. వివరం ఉన్నంత మాత్రాన నమ్మకం కుదరదు.

అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లే మన పిల్లలు రాసే ఎస్‌ఓపీల్లో పైజమా ఉండదు గానీ, ‘చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే పాషన్’ అన్న వాక్యం తరచూ ఉంటుంది. దాని కింద పక్క బెంచీ కుర్రాడి పేరు పెట్టినా సరిపోతుంది. చదివే ప్రొఫెసర్‌కి అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఒక అమ్మాయి ఫైనలియర్ ప్రాజెక్టు చేతిరాత తెలుగును చదివే ప్రోగ్రామ్ అనుకుందాం. ‘మెషీన్ లెర్నింగ్‌లో లోతైన ఆసక్తితో విజయవంతంగా పూర్తిచేశాను’ అని రాస్తే అది మళ్లీ పైజమాయే. నిజంగా జరిగింది వేరు. పాత ఉత్తరాలు స్కాన్ చేసి పరీక్షిస్తే, ప్రోగ్రామ్ వంద ‘ధ’ల్లో 38ని ‘ద’గా చదివింది. తప్పు మోడల్‌లో ఉందని ఆమె రెండు వారాలు దాన్నే మార్చింది, ఫలితం లేదు. చివరికి ఒక్కో బొమ్మనూ పెద్దది చేసి చూస్తే, కాగితం మీది మరకలు తుడిచే ఫిల్టరు ‘ధ’ అడుగున విడిగా పడిన చిన్న గీతనూ మరకే అనుకుని తుడిచేస్తోంది. ఫిల్టరు తగ్గిస్తే తప్పులు 11కి దిగాయి. కానీ సిరా చుక్కలు పడిన కాగితాల్లో ఇప్పుడు ‘ద’లు ‘ధ’లయ్యాయి.

ఎస్‌ఓపీలోకి వెళ్లాల్సింది ఈ ముక్కే, ఆ చివరి ఇబ్బందితో సహా. అక్షరం ఏదో తెలియకుండా మరకేదో, గీతేదో ఎలా తేల్చాలన్నది ఆమె తేల్చుకోలేకపోయిన ప్రశ్న. ఇమేజ్ ప్రాసెసింగ్ కోర్సు ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ జారిపడే చోటు ఒకటుంది. ప్రాజెక్టు నలుగురిదైతే ఫిల్టరు సంగతి కనిపెట్టింది ఎవరో స్పష్టంగా రాయాలి. గైడ్ ఇచ్చే సిఫారసు లేఖలో అదే పని ఇంకొకరి పేరు మీద ఉంటే మిగతా పేజీ మీదా అనుమానం వస్తుంది. 38, 11 లాంటి అంకెలు కూడా ఎన్ని అక్షరాల మీద, ఏ కాగితాల మీద వచ్చాయో పక్కనే ఉండాలి.

మరి బాల్యం పూర్తిగా తీసెయ్యాలా? ఆ పాత ఉత్తరాలు అమ్మమ్మ ట్రంకుపెట్టెలోవైతే, చిన్నప్పుడు ఆమెకు వాటిని చదివి వినిపించింది ఈ అమ్మాయే అయితే, ఆ ఒక్క వాక్యం ఉండొచ్చు, ‘ధ’ల లెక్కకు ముందు.