మల్లి జడలు విప్పనంది

నా కథలో మల్లికి ఏడేళ్లు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఆకుపచ్చ లంగా, ఎడమ బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ. వేసవి సెలవుల్లో నాయనమ్మ ఊరెళ్లి, అక్కడ మేకపిల్లతో స్నేహం చేస్తుంది. మొత్తం 14 బొమ్మలు. వాటిని కంప్యూటర్ మోడల్‌తో గీయించి, మొదటి ప్రతిని మా చెల్లెలి కూతురికి చదివి వినిపించాను. నాలుగో పేజీ తిప్పగానే ఆ నాలుగేళ్ల పిల్ల బొమ్మ మీద వేలు పెట్టి, "ఈ అక్క ఎవరు పెద్దమ్మా?" అని అడిగింది. జడలున్నాయి, రిబ్బన్లున్నాయి, లంగా కూడా అదే. కానీ అది మల్లి కాదు.

బాపు గీసిన బుడుగును ఎవరైనా చూడగానే గుర్తుపడతారు. ఆ పిల్లాడు బాపు చేతిలో, మనసులో ఉన్నాడు కాబట్టి ప్రతిసారీ వాడే వచ్చాడు. బొమ్మలు గీసే మోడల్‌కి అలాంటి జ్ఞాపకం లేదు. ప్రతి బొమ్మనూ అది సిగ్నల్ లేని పాత టీవీలో కనిపించే చుక్కల లాంటి గజిబిజి నుంచి మొదలుపెట్టి, మనం రాసిన మాటలకు సరిపోయేలా కొంచెం కొంచెం శుభ్రం చేసుకుంటూ వస్తుంది. "రెండు జడల ఏడేళ్ల పిల్ల" అన్న మాటలకు సరిపోయే ముఖాలు లక్షల్లో ఉంటాయి. నిన్న ఒక ముఖం వచ్చింది, ఇవాళ ఇంకొకటి. రెండూ మాటకు కట్టుబడినవే.

వర్ణన పెంచితే సరిపోతుందనుకుని కళ్లు, కనుబొమలు, గడ్డం అన్నీ రాశాను. ముఖాన్ని మాటల్లో బంధించడం కుదరదు. పోలీసులకు దొంగ ఆనవాళ్లు చెప్పినవారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. తర్వాత సీడ్ పట్టుకున్నాను. మొదటి గజిబిజి ఎలా ఉండాలో నిర్ణయించే అంకె అది. అదే అంకె, అదే వాక్యం ఇస్తే అదే బొమ్మ వస్తుంది. కానీ కథకు అదే బొమ్మ అక్కర్లేదుగా! "నిలబడింది" తీసి "చెట్టెక్కింది" అని రాయగానే బొమ్మ కూర్పు మారింది, దాంతోపాటు ముఖమూ మారింది.

మూడో దారి, నచ్చిన బొమ్మ ఒకటి చూపించి "ఈ పిల్లనే గియ్యి" అనడం. ఇప్పుడు చాలా మోడళ్లు ఈ పని బాగానే చేస్తున్నాయి, నాలుగైదు బొమ్మల పుస్తకానికి ఇది చాలు కూడా. నాకు వచ్చిన చిక్కు ఏమిటంటే, చూపించిన బొమ్మలో మల్లి ఎదురుగా చూస్తూ నవ్వుతోంది. పక్కకు తిరిగితే ముక్కు ఎలా ఉంటుందో, ఏడిస్తే ముఖం ఎలా ముడుచుకుంటుందో ఆ ఒక్క బొమ్మలో లేదు. లేనిదాన్ని మోడల్ ప్రతిసారీ కొత్తగా ఊహించుకుంది.

అందుకే మల్లిని దానికి నేర్పించాల్సి వచ్చింది. 2022లో గూగుల్ పరిశోధకులు డ్రీమ్‌బూత్ అనే పద్ధతి చూపించారు: ఒక కుక్కవో, వస్తువువో మూడు నుంచి అయిదు ఫొటోలు ఇచ్చి, అరుదైన ఒక మాటను దానికి పేరుగా ముడివేస్తే, ఆ పేరు రాసినప్పుడల్లా మోడల్ దాన్నే గీస్తుంది. నేను వాడింది లోరా. ఇందులో అసలు మోడల్ జోలికి పోకుండా, పాత్ర గురించి నేర్చుకున్నదంతా పక్కన ఒక చిన్న ఫైల్‌లో దాస్తారు.

నేర్పడానికి బొమ్మలు కావాలి. మూడో దారిలోనే 60 దాకా తీయించి, వాటిలో 20 ఉంచుకున్నాను. ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి, కూర్చుని, పరుగెత్తుతూ, కోపంగా. ఇక్కడ జాలి పనికిరాదు. "దాదాపు మల్లిలాగే ఉంది" అనిపించిన బొమ్మను కూడా ఉంచుకుంటే మోడల్ ఇద్దరికీ మధ్యస్థంగా ఉండే ముఖం నేర్చుకుంటుంది. నా స్నేహితురాలు, చేత్తో బొమ్మలు వేసే మనిషి, ఆ ఇరవైలో ముక్కునూ చెవులనూ సరిదిద్ది, పుట్టుమచ్చ ఎడమ బుగ్గ మీదే ఉండేలా చూసింది.

అసలు కిటుకు బొమ్మల్లో కంటే వాటి పక్కన రాసే వివరణల్లో ఉంది. నా వివరణ ఒకటి ఇలా ఉండేది:

```
mllx, sitting on a well wall, side view, smiling, evening light
```

`mllx` మల్లికి పెట్టిన పేరు. అర్థం లేని అక్షరాలు ఎందుకంటే, మోడల్‌కి ముందే తెలిసిన మాట అయితే ఆ పాత అర్థం కూడా బొమ్మలోకి దూరుతుంది. బావి గట్టు, సాయంత్రపు వెలుగు, నవ్వు అన్నీ రాశాను. జడలు, రిబ్బన్లు, లంగా మాత్రం రాయలేదు. రాసినవాటిని మోడల్ "ఇవి ఈ బొమ్మ వరకే" అనుకుంటుంది. బొమ్మలన్నిటిలో ఉండి కూడా రాయనివి పేరుకు అంటుకుపోతాయి. చెప్పనిదే మల్లి అవుతుంది.

ఒక్కో బొమ్మను 10 సార్లు చూపించి, ఆ వరసను 10 విడతలు నడిపాను, మొత్తం 2,000 అడుగులు. విడత విడతకూ ఒక ఫైల్ దాచాను. సరిగా నేర్చుకుందో లేదో తెలియాలంటే ఇరవైలో లేనిది అడగాలి. పడవలో మల్లి కావాలన్నాను. మూడో విడత ఫైల్‌తో ఎవరో పిల్ల పడవెక్కింది. పదో విడతతో పిల్ల మల్లే, కానీ పడవ బదులు మళ్లీ బావి గట్టు వచ్చింది. బొమ్మల్ని బట్టీ పట్టేసిందన్నమాట. ఆరో విడతలో మల్లీ ఉంది, పడవా ఉంది.

పుట్టుమచ్చ మాత్రం ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి గెంతుతోంది. రెండు రోజులు వెతికాక కారణం దొరికింది. బొమ్మలు తక్కువైనప్పుడు వాటిని అద్దంలోలా తిప్పి కూడా చూపించే `flip_aug` అన్న సౌకర్యాన్ని నేనే ఆన్ చేశాను. అలా మల్లికి రెండు బుగ్గల మీదా మచ్చ ఉండొచ్చని మోడల్‌కి నేర్పాను. అది ఆపి మళ్లీ నడిపాక మచ్చ చాలావరకు నిలిచింది. తప్పిన రెండు బొమ్మల్లో ఆ బుగ్గ మేర మాత్రమే చెరిపి మళ్లీ గీయించాను. మేకపిల్లను కూడా అలాగే, మల్లి బొమ్మ పూర్తయ్యాక ఖాళీ చోట విడిగా గీయించాను. ఇద్దర్నీ ఒకే వాక్యంలో అడిగితే రిబ్బన్ల ఎరుపు మేక మెడకు పాకుతోంది.

చివరికి పదకొండో బొమ్మ మిగిలింది. నాయనమ్మ మల్లిని పీట మీద కూర్చోబెట్టి కుంకుడుకాయ రసంతో తలంటు పోస్తుంది. జుట్టు విరబోసుకుని ఉండాలి. ఎన్నిసార్లు అడిగినా, ఎంత గట్టిగా రాసినా, నురగలోంచి రెండు జడలూ ఎర్ర రిబ్బన్లూ పొడుచుకొచ్చాయి. జడల సంగతి నేను ఎక్కడా రాయలేదు కదా, అవి మల్లిలో భాగమైపోయాయి. ఫైల్ బలాన్ని `<lora:mllx:0.8>` నుంచి `0.5`కు తగ్గిస్తే జడలు విడిపోయాయి, ముఖమూ పోయింది.

మళ్లీ మొదటికి వెళ్లాను. ఇరవై వివరణల్లోనూ జడలు, రిబ్బన్లు అని చేర్చాను. నా స్నేహితురాలు విరబోసిన జుట్టుతో మల్లిని నాలుగు భంగిమల్లో వేసిచ్చింది. వాటి పక్కన ఇలా రాశాను:

```
mllx, loose wet hair, sitting on a low stool, side view
```

ఇప్పుడు జడలు మల్లి నుంచి విడివడ్డాయి. దానికి బదులు ప్రతి బొమ్మకూ జడలు కావాలో వద్దో నేనే రాయాల్సి వచ్చింది, రిబ్బన్ ఎరుపు కూడా పేజీ పేజీకీ కొద్దిగా మారింది. ఆ రంగును చివర్లో చేత్తోనే ఒకటి చేశాం.

పద్నాలుగు బొమ్మల్నీ తపాలా బిళ్లలంత చిన్నవి చేసి ఒకే కాగితం మీద అచ్చు తీశాను. బట్టలు చూసి మోసపోకుండా మెడ కింద భాగం కాగితం ముక్కలతో కప్పేశాను. తొమ్మిదో బొమ్మలో తల మిగతావాటికంటే పెద్దదిగా ఉందని అప్పుడే తెలిసింది, దాన్ని మళ్లీ తీయించాను. ఆ తర్వాత కాగితాన్ని మా చెల్లెలి కూతురి ముందు పెట్టాను. తలంటు బొమ్మ దగ్గర ఆగి, "మల్లి కళ్లు మండుతున్నాయి" అంది.