మెషీన్ పేరు రాస్తే సరిపోదు

ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి పంపే మెయిళ్లలో తరచూ కనిపించే వాక్యం: "అన్ని రకాల మెషీన్ల మీద పనిచేసిన అనుభవం ఉంది." ల్యాబ్ ఇన్‌ఛార్జికి దీనివల్ల ఏమీ తెలియదు. శాంపిల్ పెట్టి బటన్ నొక్కడం వేరు, మెషీన్ ఇచ్చిన అంకెను ఎప్పుడు అనుమానించాలో తెలియడం వేరు.

గుంటూరులో డీఎంఎల్‌టీ చదివి, డయాగ్నస్టిక్ సెంటర్‌లో మూడేళ్లు పనిచేసిన ఒక అమ్మాయి విజయవాడలోని ఆసుపత్రికి మెయిల్ పెడుతోందనుకుందాం. సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, డీఎంఎల్‌టీ, మూడేళ్ల అనుభవం, తన పేరు ఉంటే చాలు. మొదటి పేరాలోనే పారామెడికల్ రిజిస్ట్రేషన్ నంబరు, దాని గడువు తేదీ రాయాలి. రెన్యువల్‌కు పెట్టి ఉంటే ఆ మాటే చెప్పి, రసీదు జతచేయాలి.

అసలు విషయం రెండో పేరాలో ఉంటుంది. ఆమె ఇలా రాయవచ్చు: "త్రీ-పార్ట్ సెల్ కౌంటర్ మీద రోజుకు దాదాపు 60 శాంపిళ్లు చేశాను. ఉదయం కంట్రోల్ పెట్టి, విలువలు పరిధిలో ఉన్నాకే పేషెంట్ల శాంపిళ్లు మొదలుపెట్టేదాన్ని. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వస్తే ట్యూబులో రక్తం గడ్డకట్టిందేమో చూసి, స్మియర్ వేసి సరిచూసేదాన్ని. ఎలైజా రీడర్‌ను శిక్షణలో చూశాను, సొంతంగా నడపలేదు."

చివరి రెండు వాక్యాలే ఇన్‌ఛార్జిని ఆపి చదివిస్తాయి. కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఈడీటీఏ ట్యూబులో ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ గుంపులను మెషీన్ ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు కాబట్టి సంఖ్య తప్పుగా తగ్గుతుంది. మైక్రోస్కోపు కింద స్మియర్‌లో ఆ గుంపులు కనబడతాయి. డెంగీ రోజుల్లో ఈ తేడా పట్టుకోలేకపోతే పేషెంటును అనవసరంగా హడావిడి పెట్టినట్టే. ఇక ఎలైజా గురించి నిజం చెప్పడం వల్ల మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది. లేని అనుభవం రాస్తే మెషీన్ ముందు నిలబెట్టిన రోజున ఎలాగూ తెలిసిపోతుంది.

జతచేసిన కాగితాల జాబితా మెయిల్ చివర వరుస సంఖ్యలతో ఉండాలి: రెజ్యూమె, డిప్లొమా, మార్కుల మెమోలు, రిజిస్ట్రేషన్, తేదీలున్న అనుభవ పత్రం. అన్నీ అదే వరుసలో ఒకే పీడీఎఫ్‌గా ఉంటే మేలు. ఫోన్‌లో తీసిన ఫొటో అయితే నంబరు, సీలు చదవగలిగేలా ఉన్నాయో లేదో పంపేముందు చూసుకోవాలి. అడగనిదే ఆధార్ కాపీ పంపనవసరం లేదు.

ఫార్మసిస్టు అయితే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు రాయాలి. డ్రగ్ లైసెన్సు షాపుది, రిజిస్ట్రేషన్ మనిషిది. పాత షాపు లైసెన్సులో తన పేరు ఇంకా ఉందా, తీయించారా అన్నది కూడా మెయిల్‌లోనే చెప్పాలి. అది తేలనిదే కొత్త యజమాని ఆ పేరును తన లైసెన్సులో చూపించుకోలేడు.