పుష్యరాగం అంటూ సిట్రిన్ అంటగడుతున్నారా? రాయి కొనేముందు ఇవి అడగండి!

రాజమండ్రి, కాకినాడ, భీమవరం.. ఎక్కడైనా సరే, ఉంగరంలో పసుపు రాయి కావాలంటే చాలామంది నోట వచ్చే మాట పుష్యరాగం. అయితే చిక్కంతా ఆ పేరులోనే ఉంది. పసుపు నీలమణినీ పుష్యరాగమే అంటారు, టోపాజ్‌నూ అదే అంటారు. 'గోల్డెన్ టోపాజ్' పేరుతో చేతిలో పెట్టేది మాత్రం చాలాసార్లు సిట్రిన్. దాని ధర పసుపు నీలమణితో పోలిస్తే చాలా తక్కువ.

ఊదా రాయి పసుపు ఎలా అవుతుంది?

అమెథిస్ట్, సిట్రిన్ రెండూ క్వార్ట్జ్ రాళ్లే. లోపలి ఇనుము, భూమిలోని సహజ రేడియేషన్ కలిసి అమెథిస్ట్‌కు ఊదా రంగునిస్తాయి. దాన్ని సుమారు 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే ఊదా పోయి పసుపు, నారింజ రంగు వస్తుంది. మార్కెట్లో దొరికే సిట్రిన్‌లో ఎక్కువ భాగం ఇలా తయారైందే. సహజ సిట్రిన్ సాధారణంగా లేత పసుపులో ఉంటుంది. ఎరుపు కలిసిన ముదురు నారింజ కనిపిస్తే వేడి చేసిందని అనుమానించొచ్చు. అయితే కంటితో తేల్చి చెప్పలేం, ల్యాబ్‌కు కూడా ఇది కష్టమే.

టాంజనైట్ సంగతేంటి?

ఇది 1967లో టాంజానియాలో వెలుగులోకి వచ్చింది. గనిలో ఎక్కువగా గోధుమ రంగులో దొరుకుతుంది. సుమారు 500, 600 డిగ్రీల వేడి తగిలితే నీలం, ఊదా బయటపడతాయి. ఈ రంగు మళ్లీ పోదు. కాబట్టి వేడి చేయడం మోసం కాదు, చెప్పకుండా 'సహజ రంగు' అంటూ ఎక్కువ ధర గుంజడమే మోసం.

షాపులో ఏం అడగాలి?

- ఇది ఏ రాయి? బిల్లుపై 'పుష్యరాగం' అని కాకుండా సిట్రిన్, టోపాజ్, పసుపు నీలమణి అని స్పష్టంగా రాయించుకోండి.
- వేడి చేశారా? సమాధానం కూడా బిల్లులో ఉండాలి.
- ల్యాబ్ రిపోర్ట్ ఉందా? రాయి ఏదన్నది ల్యాబ్‌లో తేలిగ్గా తేలుతుంది. కాంతి వంపును కొలిచే పరికరంలో సిట్రిన్ దాదాపు 1.55, టోపాజ్ 1.62, నీలమణి 1.76 చూపిస్తాయి.
- రాయి బరువు, బంగారం బరువు విడివిడిగా రాశారా? హాల్‌మార్క్ చెప్పేది బంగారం స్వచ్ఛత గురించే, రాయి గురించి కాదు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు జాగ్రత్త!

ఉంగరం సైజు మార్చేటప్పుడు కంసాలి మంట పెడతారు. ఆ వేడికి అమెథిస్ట్ రంగు వెలిసిపోవచ్చు, టాంజనైట్ పగిలిపోవచ్చు. ముందు రాయి తీయించాకే అతుకు వేయమని చెప్పండి. అమెథిస్ట్‌ను రోజుల తరబడి ఎండలో ఉంచినా రంగు తగ్గుతుంది.