బియ్యం తూకమా, అన్నం తూకమా?

మా వదిన బరువు 60 కిలోలు. ఐసీఎంఆర్, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే ఆమెకు దాదాపు 50 గ్రాములు. ఆ అంకెను లక్ష్యంగా పెట్టుకుని, తిన్నవన్నీ ఫోన్‌లోని లెక్కల పట్టికలో రాసుకుంటోంది. ఒక మధ్యాహ్నం అన్నం, పప్పు తిని లేచి, "ఇవాళ్టి ప్రొటీన్ ఇప్పుడే అయిపోయింది!" అంది. పట్టికలో 55 గ్రాములు కనబడుతోంది.

అన్నం, పప్పుతోనే అంత వస్తుందా? నాకు నమ్మకం కుదరలేదు.

కంచంలో 280 గ్రాముల అన్నం, 150 గ్రాముల పప్పు తూచి, వాటిని బియ్యం, కందిపప్పు వరుసల్లో రాసింది. ఆ విలువలు తార్నాకలోని ఆ సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికవి. అవి వండని 100 గ్రాములకు ఇచ్చినవి. తెల్ల బియ్యానికి సుమారు 356 కేలరీలు, 7.9 గ్రాముల ప్రొటీన్, 78 గ్రాముల పిండిపదార్థం, అర గ్రాము కొవ్వు. కందిపప్పులో 21.7 గ్రాముల ప్రొటీన్ ఉంది. ఉడికేటప్పుడు బియ్యం, పప్పు నీళ్లు పీల్చుకుని బరువెక్కుతాయి. నీళ్లలో ప్రొటీన్ లేదు, కేలరీ లేదు. వదిన తూచిన దానిలో సగానికి పైగా నీళ్లే.

అందుకని మర్నాడు ఇలా చేశాం. కుక్కర్‌లో 400 గ్రాముల బియ్యం పోశాం. ఉడికాక గిన్నె బరువు తీసేస్తే అన్నం 1,120 గ్రాములు తూగింది. 280 గ్రాముల అన్నం అందులో నాలుగో వంతు. కాబట్టి ఆమె తిన్నది 100 గ్రాముల బియ్యం. పప్పుకీ అలాగే చూస్తే 30 గ్రాముల కందిపప్పు లెక్క తేలింది. ప్రొటీన్ 7.9, 6.5 కలిపి 14.4 గ్రాములే! కేలరీలైతే 1,500 దగ్గర్నుంచి 455కు దిగాయి.

కేలరీలు ఎక్కువ చూపిస్తే మనిషి రెండు ముద్దలు తగ్గిస్తాడేమో. ప్రొటీన్ ఎక్కువ చూపిస్తే మాత్రం రాత్రికి గుడ్డో పెరుగో మానేస్తాడు. నాకు బెంగ కలిగించేది ఇదే.

పోపు నూనె కూడా లెక్కలోకి రాలేదు. క్యాన్ వంచి పోసే నూనెను ఎవరు తూస్తారు? ఐదు గ్రాముల చెంచాకు 45 కేలరీలు. పోసే ముందు, పోశాక సీసాను తూచి, ఆ తేడాను తిన్నవాళ్లకు పంచితే చాలు. పట్టిక అంకెలు దేశంలోని వేర్వేరు ప్రాంతాల నమూనాల సగటు. మన ఇంటి బియ్యం కాస్త అటూ ఇటూ ఉండవచ్చు, ఆ తేడా కోసం తల పట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు వదిన కుక్కర్ గిన్నె ఖాళీ బరువును వంటింటి క్యాలెండర్ మీద రాసుకుంది: 640 గ్రాములు.