జేబులోంచి పోయిన ఫోన్‌కు బీమా వస్తుందా?

బస్సు దిగేసరికి జేబులో ఫోన్ లేదు. బీమా ఉందిగా అనుకుంటాం. కానీ చాలా పాలసీల్లో దొంగతనమంటే తాళం పగలగొట్టడమో, బలవంతంగా లాక్కోవడమో. ఎలా పోయిందో చెప్పలేకపోతే పారేసుకున్నట్టే లెక్క. పోలీసు ఫిర్యాదు ఉన్నా క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ఫోన్లు తరచూ పోయేది ఇలాగే కాబట్టి, దొంగతనం కవర్ కోసం అదనంగా చెల్లించడం నాకు సబబనిపించదు.

స్క్రీన్ పగలడం వేరు. ఏడాది ప్రీమియం 1,500 రూపాయలు, స్క్రీన్ మార్చే ఖర్చు 6,000, అందులో మనం భరించాల్సిన వాటా 1,000 అనుకుందాం. పగిలిన ఏడాది 3,500 మిగులుతుంది. మూడేళ్లలో ఒక్కసారైనా పగిలితేనే గిట్టుబాటు. గీతలకు, బ్యాటరీ అరుగుదలకు సాధారణంగా పైసా రాదు. ల్యాప్‌టాప్‌కైతే, కాఫీ ఒలికినా వర్తిస్తుందో లేదో కొనేముందే చదవండి.