పెద్ద పెట్టె రాని రెండు రోజులకు

హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌లోని కొడుకు ఇంటికి అమ్మానాన్నలు బయలుదేరారనుకుందాం. కౌంటర్లో అప్పగించిన పెట్టెలు దోహాలో ఒక విమానం దిగి ఇంకోటి ఎక్కాలి. మొదటి విమానం ఆలస్యమైతే మనుషులు ఎలాగో పరుగెత్తి ఎక్కేస్తారు, పెట్టెలు అక్కడే ఆగిపోతాయి. ఇలా వెనకబడినవి చాలావరకు ఒకటి రెండు రోజుల్లో ఇంటికి చేరతాయి. ఆ రెండు రోజులు ఇబ్బంది లేకుండా గడిచేలా చేతి సంచి సర్దుకోవాలి.

ముందుగా మందులు. రెండు మూడు రోజులకు సరిపడా దగ్గర ఉంచుకుని మిగతావి పెద్ద పెట్టెలో పడేస్తుంటారు చాలామంది. అది సరికాదు. బీపీకి, షుగర్‌కి రోజుకు రెండు మాత్రల చొప్పున మూడు నెలలకు 180, అంటే పదేసి మాత్రల స్ట్రిప్పులు 18. అట్టపెట్టెలు తీసేస్తే అవి గుప్పెడంత చోటులో ఇమిడిపోతాయి. అమెరికాలో ఆ మాత్రలు అక్కడి డాక్టరు చీటీ లేకుండా దొరకవు. అందుకే అన్నీ వెంటే ఉండాలి, స్ట్రిప్పుల్లోంచి ఊడదీయకుండా. మందు అసలు పేరు రాసి ఉన్న ప్రిస్క్రిప్షన్ కూడా పక్కనే పెట్టాలి. ఇన్సులిన్ అయితే సామాన్లతో అసలు పంపకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్, కరిగాక మామూలుగానే కనిపించినా, వాడటానికి పనికిరాదు.

చేతి సంచి కూడా ఒక్కోసారి చేతిలో మిగలదు. పైన అరల్లో చోటు లేదని గేటు దగ్గరే తీసుకుని కింద సామాన్లలో వేసేస్తారు. కాబట్టి మందులు, పాస్‌పోర్టు, కళ్లజోడు, ఛార్జర్, పవర్‌బ్యాంకు ఒక చిన్న సంచిలో వేసి దాన్ని పెద్దదాని లోపల పైనే ఉంచాలి. అడగగానే లాగి భుజాన వేసుకోవచ్చు. పవర్‌బ్యాంకును సామాన్లతో పంపనివ్వరు కూడా, నిప్పు పుడితే కింద ఆర్పేవారుండరు. 20,000 ఎంఏహెచ్ వరకు మామూలు పవర్‌బ్యాంకులకు ఇబ్బంది లేదు. మన గుండ్రటి పిన్నులు అమెరికా ప్లగ్గుల్లో పట్టవు, అడాప్టర్ మరిచిపోతే ఛార్జర్ ఉన్నా లేనట్టే.

బట్టలు ఒక్కొక్కరికి ఒక జత, లోదుస్తులు రెండు జతలు చాలు. జనవరి ప్రయాణమైతే స్వెటర్ ఒంటిమీదే ఉండాలి. అమ్మ చీరలు రెండు నాన్న పెద్ద పెట్టెలో, ఆయన చొక్కాలు ఆమె పెట్టెలో సర్దితే, ఒక్కటి తప్పినా ఇద్దరికీ గడుస్తుంది. ఆవకాయకు మాత్రం చేతి సంచిలో చోటివ్వకండి, భద్రతా తనిఖీలో తీసేస్తారు.

పెట్టె రాలేదని తెలిశాక ఆ హాలు దాటి బయటికి రావద్దు. బోర్డింగ్ పాస్‌కు అంటించిన చిన్న ట్యాగు ముక్క చూపించి, విమాన సంస్థ కౌంటర్లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోవాలి. కొడుకు ఇంటి చిరునామా, అక్కడి ఫోన్ నంబరు కాగితం మీద రాసుకుని ఉంటే ఆ పని త్వరగా తెములుతుంది. ఈలోగా తప్పనిసరై కొన్నవాటి రసీదులు దాచుకోవాలి. పెట్టె చేతికందిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అడిగితేనే ఆ ఖర్చు రాబట్టుకోవడానికి వీలుంటుంది.