ఒక్క మైనస్‌ను పట్టుకుంటే ఆల్డాల్ చేతికొస్తుంది

‘ఆల్డాల్ సంఘననం చర్యావిధానాన్ని వివరించండి.’ బి.ఎస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీలో చిన్న ప్రశ్నగా ఇది తరచూ ఎదురవుతుంది. ఇంటర్ రెండో సంవత్సరంలో ఇదే చర్యకు సమీకరణం, ఉత్పన్నాల పేర్లు రాస్తే సరిపోతుంది. డిగ్రీలో మాత్రం అణువు లోపల ఏం జరిగిందో మెట్టుమెట్టుగా చూపించాలి. జవాబు ఒక పేజీ దాటక్కర్లేదు. నాలుగు మెట్లు, వాటి పక్కన ఒక్కో వాక్యం రాస్తే చాలు. అయినా చాలామంది దీన్ని బొమ్మలా బట్టీ పట్టి, పరీక్ష హాల్లో ఒక గీత మరిచిపోగానే మిగతాదంతా తప్పు రాసేస్తారు.

బట్టీ అక్కర్లేని దారి ఒకటుంది. క్షారం వేసినప్పుడు ద్రావణంలోకి ఒక రుణావేశం వస్తుంది. అది ఒక పరమాణువు నుంచి ఇంకో పరమాణువుకు మారుతూ పోతుంది. చర్యావిధానం అంటే ఆ ప్రయాణమే. కాబట్టి ప్రతి మెట్టులో ‘ఇప్పుడు మైనస్ ఎవరి మీద ఉంది? అక్కడ అది ఎందుకు నిలబడింది?’ అని అడుగుతూ పోతే తర్వాతి గీత దానంతటదే వస్తుంది.

ఎసిటాల్డిహైడ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. దాని ఫార్ములా CH₃CHO. దీనికి విలీన సోడియం హైడ్రాక్సైడ్ కలిపితే రెండు అణువులు ఒకటై 3-హైడ్రాక్సీబ్యూటనాల్ వస్తుంది. 1872లో పారిస్‌లో వుర్ట్జ్ ఆల్డాల్ అని పేరు పెట్టింది ఈ పదార్థానికే. దీన్ని వేడిచేస్తే నీరు పోయి బ్యూట్-2-ఈనాల్, అంటే క్రోటనాల్డిహైడ్ మిగులుతుంది.

మొదటి మెట్టు: ఏ హైడ్రోజన్ పోతుంది?

ఎసిటాల్డిహైడ్‌లో హైడ్రోజన్లు రెండు చోట్ల ఉన్నాయి. CHO గుంపులో ఒకటి, పక్కనున్న CH₃లో మూడు. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. హైడ్రాక్సైడ్ అయాన్ తీసుకునేది CH₃లోని హైడ్రోజన్‌ను. కార్బొనిల్‌కు పక్కనున్న కార్బన్‌ను ఆల్ఫా కార్బన్ అని, దానిమీది హైడ్రోజన్‌ను ఆల్ఫా హైడ్రోజన్ అని అంటారు.

ఆ హైడ్రోజనే ఎందుకు? అది పోయాక కార్బన్ మీద మిగిలే మైనస్, పక్కనున్న ద్విబంధం గుండా ఆక్సిజన్ మీదికి పరుచుకోగలదు. రుణావేశాన్ని భరించడంలో కార్బన్ కంటే ఆక్సిజన్ ఎంతో మెరుగు. CHOలోని హైడ్రోజన్ పోతే మిగిలే ఎలక్ట్రాన్ జంట ద్విబంధంలోని పై ఎలక్ట్రాన్లతో కలవలేని దిశలో ఉంటుంది. దాని మైనస్‌కు పరుచుకునే దారి లేదు.

తేడా ఎంతో అంకెల్లో చూడవచ్చు. ఆమ్లత్వాన్ని పీకేఏ అనే సంఖ్యతో కొలుస్తారు. అది ఒకటి తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు పెరిగినట్టు. ఈథేన్ హైడ్రోజన్‌కు అది 50 దగ్గర, ఎసిటాల్డిహైడ్ ఆల్ఫా హైడ్రోజన్‌కు 17 దగ్గర, నీటికి 16 దగ్గర ఉంటుంది. ఆల్ఫా హైడ్రోజన్ ఆమ్లత్వం దాదాపు నీటి స్థాయికి చేరింది కనుకనే మామూలు సోడియం హైడ్రాక్సైడ్ దాన్ని తీయగలుగుతోంది. అయితే నీటికంటే కాస్త తక్కువే కాబట్టి చర్య పూర్తిగా ముందుకు పోదు. అందుకే ఇక్కడ రెండు వైపులా ఉన్న బాణం వేయాలి.

ఏర్పడిన అయాన్‌ను ఈనొలేట్ అంటారు. దాని రెండు రెజొనెన్స్ రూపాలూ రాయాలి. ఒకదానిలో మైనస్ కార్బన్ మీద, రెండోదానిలో ఆక్సిజన్ మీద ఉంటుంది. ఈ రెండో రూపాన్ని వదిలేస్తే, ఆల్ఫా హైడ్రోజన్ ఎందుకు పోయిందన్న ప్రశ్నకు జవాబు లేకుండా పోతుంది.

రెండో మెట్టు: రెండో అణువు వస్తుంది

ఈనొలేట్ కొద్దిగానే ఏర్పడింది కాబట్టి దాని చుట్టూ మారని ఎసిటాల్డిహైడ్ అణువులు బోలెడు ఉంటాయి. అందులో ఒకదాని కార్బొనిల్ కార్బన్ మీద ఈనొలేట్ దాడి చేస్తుంది. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కోవడం వల్ల ఆ కార్బన్ మీద పాక్షిక ధనావేశం ఉంటుంది. ఈనొలేట్‌లోని ఆల్ఫా కార్బన్‌కూ ఈ కార్బన్‌కూ మధ్య కొత్త బంధం పడుతుంది. అదే సమయంలో ద్విబంధంలోని ఒక జంట ఆక్సిజన్ మీదికి వెళ్తుంది. ఇప్పుడు మైనస్ ఈ కొత్త ఆక్సిజన్ మీద ఉంది. దీన్ని ఆల్కాక్సైడ్ అయాన్ అంటారు.

వక్ర బాణాల్లో మార్కులు పోయేది ఇక్కడే. బాణం తోక ఎప్పుడూ ఎలక్ట్రాన్లున్న చోట మొదలవ్వాలి, మొన అవి చేరే చోట ఆగాలి. కార్బొనిల్ కార్బన్ నుంచి ఈనొలేట్ వైపు బాణం గీస్తే, ఎలక్ట్రాన్లు లేనివాడు ఉన్నవాడికి ఇచ్చినట్టవుతుంది. ఈ మెట్టుకు రెండు బాణాలు చాలు. ఒకటి ఆల్ఫా కార్బన్ మీది జంట నుంచి కార్బొనిల్ కార్బన్‌కు, రెండోది C=O బంధం నుంచి దాని ఆక్సిజన్‌కు.

మూడో మెట్టు: ప్రోటాన్ చేరుతుంది

ఆల్కాక్సైడ్ అయాన్ నీటి నుంచి ప్రోటాన్ తీసుకుని 3-హైడ్రాక్సీబ్యూటనాల్ అవుతుంది. నీరు హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. మొదటి మెట్టులో ఖర్చయిన హైడ్రాక్సైడ్ ఇక్కడ తిరిగి వచ్చింది కనుక క్షారం ఉత్ప్రేరకం. ప్రోటాన్ ఇచ్చేది H⁺ అని రాయకండి. క్షార ద్రావణంలో స్వేచ్ఛగా తిరిగే H⁺ ఉండదు. అక్కడున్నది నీరు, రాయాల్సిందీ నీరే.

నాలుగో మెట్టు: నీరు పోతుంది

ప్రశ్నలో ‘సంఘననం’ అని ఉంటే ఆల్డాల్ దగ్గర ఆగకూడదు, నీరు పోయేదాకా రాయాలి. మామూలు ఆల్కహాల్ నుంచి క్షారంలో నీరు పోదు. హైడ్రాక్సైడ్ అంత తేలిగ్గా వదిలిపోయే గుంపు కాదు. మరి ఇక్కడెలా పోతుంది? ఆల్డాల్‌లో కార్బొనిల్ పక్కన ఇంకా ఆల్ఫా హైడ్రోజన్లు ఉన్నాయి. హైడ్రాక్సైడ్ ముందు అందులో ఒకదాన్ని తీస్తుంది, మళ్ళీ ఈనొలేట్ ఏర్పడుతుంది. ఆ మైనస్ పక్క కార్బన్ మీదున్న OHను బయటికి నెడుతుంది. అంటే హైడ్రోజన్ ముందు, హైడ్రాక్సైడ్ తర్వాత. రెండూ ఒకేసారి పోవు. ఈ రకం విలోపన చర్యకు పాఠ్యపుస్తకాల్లో E1cB అని పేరు.

ఉత్పన్నంలో C=C, C=O బంధాలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి సంయుగ్మం చెందుతాయి. ఆ స్థిరత్వం వల్లే వేడిచేయగానే నీరు పోతుంది. చల్లగా ఉంచితే ఆల్డాల్ దగ్గరే ఆపవచ్చు.

ఇదంతా పరీక్షలో ఇలా కుదురుతుంది:

```
1) HO⁻ + CH₃–CHO ⇌ H₂O + [⁻CH₂–CHO ↔ CH₂=CH–O⁻]
2) CH₃–CHO + ⁻CH₂–CHO ⇌ CH₃–CH(O⁻)–CH₂–CHO
3) CH₃–CH(O⁻)–CH₂–CHO + H₂O ⇌
      CH₃–CH(OH)–CH₂–CHO + OH⁻
4) CH₃–CH(OH)–CH₂–CHO + OH⁻ ⇌
      CH₃–CH(OH)–CH⁻–CHO + H₂O
   CH₃–CH(OH)–CH⁻–CHO → CH₃–CH=CH–CHO + OH⁻
```

పక్కన రాయాల్సిన వాక్యాలు కూడా పొట్టివే. ‘క్షారం ఆల్ఫా హైడ్రోజన్‌ను తీస్తుంది, రెజొనెన్స్ వల్ల ఈనొలేట్ స్థిరపడుతుంది.’ ‘ఈనొలేట్ రెండో అణువు కార్బొనిల్ కార్బన్ మీద దాడి చేస్తుంది.’ ‘ఆల్కాక్సైడ్ నీటి నుంచి ప్రోటాన్ తీసుకుంటుంది, క్షారం తిరిగి వస్తుంది.’ ‘వేడిచేస్తే ఈనొలేట్ ద్వారా నీరు పోయి సంయుగ్మ ఆల్డిహైడ్ వస్తుంది.’ నాలుగో మెట్టు చివరి బాణం మీద ‘వేడి’ అని రాయడం మరవకండి.

రాశాక సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు. ప్రతి గీతలో ఎడమవైపు మొత్తం ఆవేశం మైనస్ ఒకటి, కుడివైపూ మైనస్ ఒకటే ఉండాలి. ఎక్కడైనా సున్నా వచ్చిందంటే అయాన్ మీద గుర్తు వేయడం మరిచారని అర్థం. పరమాణువులు కూడా లెక్క కుదరాలి. రెండు C₂H₄O కలిస్తే C₄H₈O₂, అదే ఆల్డాల్. అందులోంచి H₂O తీస్తే C₄H₆O, అదే క్రోటనాల్డిహైడ్.

అయితే ఈ లెక్క పట్టుకోలేని తప్పు ఒకటుంది. ప్రశ్నలో ఎసిటాల్డిహైడ్ బదులు ప్రొపనాల్ ఇస్తే అది బయటపడుతుంది. CH₃–CH₂–CHOలో చాలామంది చివరి CH₃ నుంచి బంధం గీసి 4-హైడ్రాక్సీహెక్సనాల్ అని రాస్తారు. దాని ఫార్ములా C₆H₁₂O₂. సరైన జవాబు ఫార్ములా కూడా అదే. పరమాణువుల లెక్క సరిపోయినా జవాబు తప్పు. మైనస్ ఎక్కడ నిలబడుతుందని అడిగితే మాత్రం తప్పు వెంటనే తెలుస్తుంది. చివరి CH₃ కార్బొనిల్‌కు పక్కన లేదు, అక్కడి మైనస్ ఆక్సిజన్ దాకా చేరలేదు. మధ్యలోని CH₂ నుంచే హైడ్రోజన్ పోవాలి, బంధం అక్కడి నుంచే పడాలి. అప్పుడు CH₃ ఒక కొమ్మలా పక్కకు మిగులుతుంది:

```
CH₃–CH₂–CH(OH)–CH(CH₃)–CHO
```

ఇది 3-హైడ్రాక్సీ-2-మిథైల్‌పెంటనాల్. వేడిచేస్తే 2-మిథైల్‌పెంట్-2-ఈనాల్ వస్తుంది.

ఆల్ఫా హైడ్రోజన్ అసలే లేకపోతే? ఫార్మాల్డిహైడ్, బెంజాల్డిహైడ్, 2,2-డైమిథైల్‌ప్రొపనాల్ ఈ కోవలోవి. వీటిలో ఈనొలేట్ ఏర్పడదు కాబట్టి వాటంతట అవి ఆల్డాల్ ఇవ్వవు. గాఢ క్షారంతో అవి కానిజారో చర్యకు పోతాయి. కానీ దాడికి గురయ్యే కార్బొనిల్ వాటికీ ఉంది. అందుకే ఆల్ఫా హైడ్రోజన్ ఉన్న ఎసిటోఫినోన్‌ను బెంజాల్డిహైడ్‌తో కలిపితే, ఎసిటోఫినోన్ ఈనొలేట్ ఇస్తుంది, బెంజాల్డిహైడ్ దాన్ని అందుకుంటుంది. ఉత్పన్నం బెంజాల్ఎసిటోఫినోన్. అదే ఎసిటాల్డిహైడ్‌నూ ప్రొపనాల్‌నూ కలిపితే రెండూ ఈనొలేట్ ఇవ్వగలవు, రెండూ అందుకోగలవు కనుక నాలుగు ఆల్డాల్‌లు కలగలిసి వస్తాయి. పరీక్షలో అలాంటి జంట కనిపిస్తే ముందు రెండు ఈనొలేట్‌లనూ విడివిడిగా రాయండి. తర్వాత ఒక్కోదాన్ని రెండు ఆల్డిహైడ్‌ల మీదికీ పంపితే నాలుగు జవాబులూ వరసగా వచ్చేస్తాయి.